స్లయిడు మీద ఒక్క తెలుగు వాక్యం

మా కాలేజీకి ప్రొజెక్టరు వచ్చిన కొత్తలో మేము తగువులాడుకున్నదంతా కరెంటు గురించే. పాఠం మధ్యలో పోతుందా, పోతే గంట కొట్టేలోపు మళ్లీ వస్తుందా అని. తెర మీద ఏ భాష ఉండాలన్నది అప్పట్లో ఎవరికీ పట్టలేదు. డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారిపోయాక ఆ సంగతీ నెత్తిమీదికొచ్చింది. చివరికి ఒక మనిషి ఉద్యోగం దాకా వచ్చింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, కాబట్టి చల్లగా చెబుతానని ఎవరూ అనుకోవద్దు.

నేను ఆదోనిలో ఉంటాను. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. డిపార్టుమెంటంటే అప్పట్లో ఇద్దరమే, నేనూ, నాకంటే చాలా పెద్దవారైన ఒక సారూ. ఆయనది ఆదోనిలో పాత ముస్లిం కుటుంబం. తండ్రి పరుపులు కుట్టేవారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, తెలుగు బళ్లో నేర్చుకున్నది. అయినా ఆయన తెలుగులో పాఠం చెబుతుంటే పక్క గదిలో నా పాఠం నాకే రుచించేది కాదు. వానపాము గురించి చెప్పినా, బొద్దింక గురించి చెప్పినా మన వీధిలో ఉండే బంధువు సంగతి చెప్పినట్టు చెప్పేవారు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లి, ఒకే బస్సులో వచ్చేవాళ్లం. పత్తి సీజనులో మార్కెట్ యార్డుకొచ్చే ట్రాక్టర్లు రోడ్డంతా నిండి బస్సు కదలకపోతే ఆ రోజు మాకు స్టాఫ్ మీటింగు బస్సులోనే.

మా పిల్లల సంగతి కూడా చెప్పాలి. పెద్దకడుబూరు, సి.బెళగల్, ఇంకా చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంటర్ మీడియట్ ఏదో ఒక మీడియంలో గట్టెక్కి డిగ్రీకి వస్తే, ఇక్కడ పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. పాఠం వినడానికి మాత్రం వాళ్ల చెవులు తెలుగువే. కాబట్టి బోర్డు మీద ఇంగ్లీషు రాయడం, నోటితో తెలుగు చెప్పడం అందరం చేసే పనే. గోడలకు వినపడేది ఒకటి, కమిటీలకు చెప్పేది ఇంకొకటి. ఇన్నేళ్లూ అలాగే నడిచిపోయింది.

ఆ ఏడాది యాజమాన్యానికి కొత్త ఆలోచన పుట్టింది. ప్రతి లెక్చరరూ సెమినార్ హాలులో, పిల్లల ముందు, స్లయిడ్లతో ఒక డెమో క్లాసు ఇవ్వాలి. బయటి నుంచి పిలిచిన కమిటీ వెనక వరుసలో కూర్చుంటుంది. కమిటీ బాగుందంటేనే వచ్చే ఏడాదికి కొనసాగింపు. మా ఉద్యోగాలు ఎలాగూ ఏడాదికోసారి కొత్తగా పుట్టేవే, కానీ అంతకుముందు పుట్టించేవాళ్లు ఇంత పరీక్ష పెట్టలేదు. నాకు భయం వేయలేదని చెప్పను. కాకపోతే నా వయసుకు ఇంకో కాలేజీ దొరుకుతుంది. సార్ కు దొరకదు. ఆ వయసు మనిషిని కొత్తగా ఎవరూ తీసుకోరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, డెమోల జాబితా తయారుచేసిన ప్రిన్సిపాల్ కు కూడా తెలుసు.

సార్ ఎంచుకున్న పాఠం పత్తిలో గులాబీ రంగు పురుగు జీవితచక్రం. సిలబస్ లో ఉన్నదే. మొదటి స్లయిడ్లు చేసుకుని స్టాఫ్ రూముకు తెచ్చి, లాప్ టాప్ నా ముందు పెట్టి, "నువ్వొకసారి సూడమ్మా, నాకు రంగులు తెలీవు, తప్పులు తెలీవు" అన్నారు.

చూశాను. రంగులు ఫర్వాలేదు. ప్రతి ఇంగ్లీషు వాక్యం కిందా అదే వాక్యం తెలుగులో ఉంది. పైన ఇంగ్లీషు, కింద తెలుగు, మళ్లీ పైన ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగు అక్షరానికి తలకట్టూ కావాలి, కింద వత్తూ కావాలి, చోటు ఎక్కువ తింటుంది. అంతా పట్టించాలని అక్షరాలు తగ్గించారు. వెనక బెంచీకి చీమల బారు తప్ప ఏమీ కనపడదు. వరసలు మరీ దగ్గరగా ఉండటంతో పై వరస వత్తులు కింద వరస నెత్తిన కూర్చున్నాయి. పైగా ఆ తెలుగు మా పిల్లలు మాట్లాడే తెలుగు కాదు, పాత తెలుగు అకాడమీ పుస్తకాల తెలుగు. లార్వాకు డింభకం, మెటమార్ఫోసిస్ కు రూపవిక్రియ.

"సార్, ఈ డింభకాన్ని చూస్తే పిల్లలు లార్వానే నయం అనుకుంటారు" అన్నాను.

ఆయన నవ్వారు. "నేను దాన్నే సదువుకున్నానమ్మా. కష్టపడి నేర్సుకున్న మాటలు. తీసేయాలంటే సేతులు రావు."

మనిషికి తాను కష్టపడి నేర్చుకున్నదాని మీద మమకారం ఉంటుంది. అందులోనూ ఇంటి భాష కానిదాన్ని పట్టుబట్టి నేర్చుకున్నవాడికి ఇంకా ఎక్కువ. నేను అప్పటికి ఊరుకున్నాను. మాట కాదు, క్లాసే తేలుస్తుందని రెండో సంవత్సరం పిల్లలకు ఆ స్లయిడ్లతోనే ఒకసారి పాఠం చెప్పి చూడమన్నాను. నేను వెనక కూర్చున్నాను.

సార్ మాట్లాడుతున్నారు, పిల్లలు వినడం లేదు. చదువుతున్నారు. ముందు తెలుగు చదివి, అది మింగుడుపడక ఇంగ్లీషుకు ఎక్కి, మళ్లీ కిందికి దిగుతున్నారు. అది పూర్తయ్యేసరికి సార్ తర్వాతి స్లయిడుకు వెళ్లిపోతున్నారు. ఒక్క చూపుతో అర్థమయ్యే పురుగు బొమ్మ మూలన, తపాలా బిళ్లంత ఉంది. ఎప్పుడూ ఆయన్నే చూస్తూ వినే పిల్లలు ఆ రోజు ఒక్కసారి కూడా ఆయన ముఖం చూడలేదు. క్లాసు అయ్యాక ఆయనే వచ్చి, "ఏమైందమ్మా ఈ పొద్దు, నేను ఆడ ఉన్నట్టే లేదు" అన్నారు.

ఇంకో సంగతి నాకు తట్టనిది, ఆయనకు తట్టింది. క్లాసులో ఆదోని నుంచి వచ్చే అమ్మాయిలు కొందరు ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు. గలగలా తెలుగు మాట్లాడతారు, కానీ తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. వాళ్లకు ఇంగ్లీషు అక్షరాలే కాస్త నయం. తెలుగు పెడితే పిల్లలందరికీ మేలు చేసినట్టే అని మనం అనుకుంటాం. ఆ పిల్లలకు తెర మీద తెలుగు నిండిపోతే రెండు గోడలు. సార్ వాళ్లను ఉర్దూలో అడిగి తెలుసుకుని వచ్చి, "రాసేది తగ్గిద్దామమ్మా. సెవికి తెలుగు అందరికీ తెలుసు. కంటికే తెలీదు" అన్నారు.

అక్కడ నుంచి పని తేలికైంది. స్టాఫ్ రూములో కూర్చుని ఇద్దరం కొట్టేస్తూ పోయాం. బొమ్మ పెద్దది చేశాం, తెరలో సగం బొమ్మే. బొమ్మ మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎందుకంటే పరీక్షలో అవే రాయాలి, తెలుగు లిపిలో చూసి వెళితే స్పెల్లింగు దగ్గర చతికిలబడతారు. పరీక్షకు పనికొచ్చే నిర్వచనం ఒకటి చిన్న ఇంగ్లీషు వాక్యంగా. దాని కింద ఒకే ఒక్క తెలుగు వాక్యం, అనువాదం కాదు, పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటల్లో అసలు విషయం. ఇంగ్లీషు ఎప్పుడూ ఒకే చోట, తెలుగు ఎప్పుడూ ఒకే చోట, ఒకే రంగులో, కళ్లు వెతుక్కోకుండా. మిగతాదంతా నోటితోనే. ఈ పద్ధతి ఎవరో పుస్తకంలో రాసింది కాదు. పిల్లల కళ్లు ఎటు పోతున్నాయో చూసి చేసుకున్నది.

డయాపాజ్ అనే మాట దగ్గర చాలాసేపు ఆగాం. పురుగు ఎదుగుదల ఆపేసుకుని, రోజులు బాగుపడేదాకా కదలకుండా ఉండిపోయే దశ అది. సార్ పాత పుస్తకం నుంచి సుప్తావస్థ అని పెట్టుకున్నారు. దాన్ని ఎంత చూసినా పురుగు కనపడదు. చివరికి ఆయనే దాన్ని చెరిపేసి, ఆ ఒక్క వాక్యం ఇలా రాశారు: పురుగు చావలేదు, ఎండుకాయలో పండుకుంది. డింభకం కూడా ఆ రోజే పోయింది. ఆయన దాన్ని చెరిపేటప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఫాంటు గొడవ ఒకటి మిగిలింది. సార్ తెలుగును ఎప్పుడూ ఆదోనిలో ఒక డీటీపీ షాపులో కొట్టించేవారు. పెళ్లి కార్డులు కొట్టే పాత ఫాంటు. సెమినార్ హాలు కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయేసరికి తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు, విరిగిన ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అది ముందే చూసుకున్నాం కాబట్టి బతికాం. అన్నీ యూనికోడ్ లో మళ్లీ నేనే కొట్టి, పీడీఎఫ్ చేసి, ఆ కంప్యూటరు మీదే తెరిచి, వెనక గోడ దగ్గర నిలబడి చదివి చూశాం. ఇక స్లయిడ్ల వైపు నుంచి మాకు భయం లేదు.

డెమోకు ముందు రోజు ప్రిన్సిపాల్ స్టాఫ్ రూముకు వచ్చి సార్ స్లయిడ్లు తిరగేశాడు. చెడ్డవాడు కాదు. తన కుర్చీ కింద నేల ఎప్పుడూ కదులుతున్నట్టు కూర్చునే మనిషి.

"బాగున్నాయి సార్," అన్నాడు. "కానీ కమిటీ ముందర తెలుగు కనపడితే ఏమంటారో. మీడియం ఇంగ్లీషని మనమే కదా రాసిచ్చినాం. నోటితో చెప్తే గాలికి పోతుంది, తెర మీద ఉంటే ఫొటో తీసుకుంటారు. రేపు ఒక్క దినానికి ఆ తెలుగు లైన్లు తీసేయండి. తర్వాత మీ ఇష్టం."

నేను ఆ లైన్లు లేకుండా ఇంకో ఫైలు అప్పటికప్పుడు చేసి పెన్ డ్రైవులో వేశాను. పెద్ద పనేం కాదు, స్లయిడుకు ఒక వాక్యం. సాయంత్రం బస్సులో సార్ చేతికి ఇచ్చి, రెండూ ఉన్నాయి, ఏది కావాలంటే అది తెరవండి అన్నాను. ఆయన పెన్ డ్రైవు జేబులో వేసుకుని కిటికీ వైపు తిరిగారు. బయట చేలల్లో పంట ఏరేసిన పత్తికట్టె పీకకుండా అలాగే నిలబెట్టి ఉంది. ఆదోని దగ్గరపడ్డాక అన్నారు.

"ఇన్నేండ్లు పిల్లోళ్లకు ఒక రకంగా సెప్పి, రేపు ఆళ్ల ముందరే ఇంగో మనిషినయ్యి నిలబడితే ఆళ్లు ఏమనుకుంటారమ్మా? ఆ తెలుగు లైను తప్పనుకుంటారు. దొంగతనంగా సెప్పేది అనుకుంటారు."

"అనుకోనీయండి సార్. ఉద్యోగం ముఖ్యం."

"ముఖ్యమే" అన్నారు. బస్టాండులో దిగి, ఎప్పటిలాగే నేను ఆటో ఎక్కేదాకా నిలబడి, వెళ్లిపోయారు. ఏ ఫైలు తెరుస్తారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు సెమినార్ హాలు కిటికీలకు అట్టలు కట్టి చీకటి చేశారు. కమిటీలో ముగ్గురు. మాట్లాడింది ఒక్కరే, ఎక్కడో పెద్ద ఊళ్లో పనిచేసి రిటైరైన ప్రొఫెసరు. సన్నటి మనిషి, మర్యాద మనిషి. సార్ పెన్ డ్రైవు పెట్టి తెరిచారు. తెర మీద మొదటి స్లయిడులోనే కింద ఆ తెలుగు వాక్యం కనపడింది. ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.

ఆ పాఠం లాంటి పాఠం నేను మళ్లీ వినలేదు. ఇంగ్లీషు వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో విప్పి, మళ్లీ ఇంగ్లీషు పేరుకు తీసుకొచ్చి కట్టేవారు. పిల్లలు ఒకసారి తెర చూసి, వెంటనే ఆయన ముఖం చూసేవారు. మేము కోరుకున్నది అదే. పూతకొచ్చిన పత్తిలో పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూల బొమ్మ వచ్చినప్పుడు వెనక నుంచి ఎవరో, "మా చేన్లో అన్నీ అవే సార్" అన్నారు. హాలంతా నవ్వింది. ప్రొఫెసరు కూడా నవ్వారు. నాకు గుండె కుదుటపడింది, ఇక గండం గడిచిందనే అనుకున్నాను.

పాఠం అయ్యాక ప్రొఫెసరు లేచి పిల్లల్ని ప్రశ్నలడుగుతానన్నారు. రెండో బెంచీలో పెద్దకడుబూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. ఇంట్లో రైతు పని, కూలి పని రెండూ ఉన్నాయి, సెలవుల్లో పత్తి ఏరడానికి పోయి వేళ్లు గీరుకుని వస్తుంది. ఆయన అడిగింది డయాపాజ్ గురించి. ఆమే చెయ్యెత్తింది. తెర మీద అప్పటికి ఏమీ లేదు. లేచి ఆ ఇంగ్లీషు నిర్వచనాన్ని తప్పు లేకుండా చెప్పింది.

"వెరీ గుడ్," అన్నారాయన. "ఇప్పుడు సొంత మాటల్లో, ఇంగ్లీషులోనే చెప్పు."

ఆమె నోరు తెరిచింది. పురుగు అనే మాటకు ఇంగ్లీషు వచ్చింది, దాని తర్వాత ఏమీ రాలేదు. చేతులతో డెస్కు అంచు పట్టుకుంది. పక్క పిల్ల ఏదో అందించబోతే ప్రొఫెసరు ఆపారు. ఆయనకు జాలేసినట్టుంది. "ఫర్వాలేదమ్మా, తెలుగులో చెప్పు" అన్నారు.

అంతే, ఆమె ముఖం తేటపడింది. "పురుగు చావదు సార్. ఎండుకాయలో గింజ లోపల పండుకుంటాది. మనం పత్తికట్టె పీకకుండా చేన్లో ఇడిస్తే, ఆడనే ఉంటాది. మళ్లీ వాన పడి, పత్తి పూతకొచ్చే టయానికి లేస్తాది. అందుకే పంట అయిపోతానే కట్టె తీసేయమంటారు సార్. మా నాయన తీసేయడు, అందుకే మాకు మళ్లా మళ్లా వస్తాండాది."

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వి కూర్చుంది. సార్ ముఖంలో ఉన్న సంతోషం నేను చూశాను. ప్రొఫెసరు తలాడించి, కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ గదిలో టీ ఇచ్చేటప్పుడు మా డిపార్టుమెంటుగా నన్నూ, సార్ నూ పిలిచారు. ప్రొఫెసరు నెమ్మదిగానే మాట్లాడారు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

"ఆ అమ్మాయికి విషయం తెలుసు. అందులో నాకు అనుమానం లేదు. కానీ పరీక్షలో సొంతంగా రెండు ఇంగ్లీషు వాక్యాలు రాయలేకపోతుంది. కంఠస్థం చేసిన వాక్యం ఒకటి ఉంది, తెలుగులో తెలివి ఉంది, రెంటికీ మధ్య ఏమీ లేదు. మీ స్లయిడు ఆ మధ్యనే ఖాళీగా వదిలేసింది. తెలుగు లైను అంత సుఖంగా ఉంటే వాళ్లు ఇంగ్లీషుకు ఎందుకొస్తారు?"

సార్ గ్లాసు కింద పెట్టి, "మొదటి ఏడు తెలుగు లైను ఉంటాది సార్. రెండో ఏడు ఆళ్లతోనే ఇంగ్లీషు వాక్యం కట్టిస్తా, మూడో ఏడుకు తెలుగు తీసేయొచ్చు. మెల్లగా దించాల. ఈ పిల్లోళ్లకు స్లయిడ్లు ఇప్పుడే మొదలైనాయి" అన్నారు.

"మంచి ఆలోచన," అన్నారు ప్రొఫెసరు. "కానీ నేను చూసింది ఈ రోజు క్లాసు."

ఆయన తప్పు చెప్పారా? అది ఇప్పటికీ తేల్చుకోలేను, నా కోపానికి సగం కారణం అదే. ఆ మధ్య ఖాళీ నిజమే. దాన్ని సార్ చేయలేదు. పదో తరగతి దాకా ఒక భాషలో నడిపించి, ఆపైన ఇంకో భాషలోకి తోసేసినవాళ్లు చేశారు. సార్ దాని మీద ఒక చెక్క పలక వేసి దాటిస్తున్నారు. పలక ఉంది కాబట్టి ఖాళీ కనపడింది. మిగతా డిపార్టుమెంట్లవాళ్లు స్లయిడ్ల నిండా ఇంగ్లీషు పేరాలు దించి, తెర వైపు తిరిగి చదివి, పిల్లల్ని వీపుతో పలకరించి వచ్చారు. వాళ్ల పిల్లలు ఏమీ మాట్లాడలేదు కాబట్టి ఏ లోటూ బయటపడలేదు. వాళ్లందరికీ బాగుందనే రాశారు.

సార్ కు మీడియం పాటించలేదని రాశారు. కొనసాగింపు జాబితాలో ఆయన పేరు లేదు. ప్రిన్సిపాల్ తన గదిలోకి పిలిచి చెప్పాడు, చెబుతూ తనే కళ్లు తుడుచుకున్నాడట. సార్ బయటికి వచ్చి టేబుల్ సొరుగు ఖాళీ చేసుకున్నారు. సీసాల్లో ఉన్న నమూనాలు కాలేజీవని అన్నీ వరసగా అల్మరాలో పెట్టి, తాళం నాకిచ్చారు. ఆ రోజు బస్సులో పక్కనే కూర్చున్నాం. ఆయన ఇంటి సంగతులు మాట్లాడారు, కూతురికి జ్వరమొచ్చి తగ్గిందని చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. అణుచుకోలేదు, ఏడ్చాను. పక్క సీట్లో ఎవరో ఆమె నన్ను చూసి, ఆయన్నేమో అనుమానంగా చూసింది. ఆయన నా వైపు తిరగకుండా, "ఊరుకోమ్మా, అందరూ సూస్తాండారు" అన్నారు.

ఇప్పుడాయన ఆదోనిలో ఒక పుస్తకాల షాపులో లెక్కలు రాస్తున్నారు. పండగకు సేమ్యా పంపుతారు. నేను వెళితే పాఠాల సంగతి తప్ప అన్నీ మాట్లాడతారు.

ఆయన క్లాసులు నాకే వచ్చాయి. యాజమాన్యం నుంచి అందరికీ ఒక కాగితం కూడా వచ్చింది, స్లయిడ్లలో ఇంగ్లీషు తప్ప వేరే భాష ఉండకూడదని. సార్ ఫైళ్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. కూర్చుని ప్రతి స్లయిడులో ఆ ఒక్క వాక్యం తీసేశాను. వాక్యం తీసేస్తే కింద ఖాళీ మిగులుతుంది, అక్కడ ఏదో ఒకటి పెట్టాలని ఇంగ్లీషులో ఇంకో వాక్యం పెట్టాను. ఎవరూ చదవని వాక్యం. నోటితో తెలుగు చెప్పడం మానలేదు, తలుపు దగ్గరగా వేసి చెబుతున్నాను. సార్ దొంగతనం అన్నది దీన్నే. ఆయన వద్దన్న పనే నేను రోజూ చేస్తున్నాను.

జూన్ లో కాలేజీ తెరిచాక మూడో సంవత్సరం మొదటి క్లాసు. పెద్దకడుబూరు అమ్మాయి రెండో బెంచీ వదిలేసి చివరి బెంచీకి వెళ్లిపోయింది. నాలుగు రోజులు చూశాను, చెయ్యెత్తడం లేదు. అందరూ వెళ్లాక పిలిచి అడిగాను.

"ఏమయింది?"

"ఏం కాలే మేడమ్."

"సార్ సంగతా?"

ఆమె పుస్తకం ఛాతీకి హత్తుకుంది. "నేను గమ్మునుండింటే సార్ ఉండేటోడు కదా మేడమ్. నాకు ఇంగ్లీషు రాదని సెప్పి కూసునింటే సరిపోయేది. తెలుగులో సెప్పమంటే సెప్పినాను."

"నీ వల్ల కాదు" అన్నాను. కమిటీ గురించి, జాబితా గురించి, తను లేవకముందే తెర మీద తెలుగు వాళ్లు చూశారని, ఏవేవో చెప్పాను. అన్నీ నిజాలే. ఆమె వింటూ తలాడించింది. నమ్మలేదని తలాడించే తీరులోనే తెలిసింది.

ఆ వారమే క్లాసులో ఒక పాఠం మధ్యలో ప్రశ్న అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. నేను కావాలనే ఆమెను లేపాను, పాత అలవాటు తిరిగొస్తుందేమో అని. తెర మీదున్న ఇంగ్లీషు నిర్వచనం గబగబా అప్పజెప్పింది. బాగా వచ్చింది.

"ఇప్పుడు నీ మాటల్లో చెప్పు," అన్నాను. "తెలుగులోనే చెప్పు, ఫర్వాలేదు."

ఆమె దగ్గరగా వేసిన తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆమెకు జవాబు తెలుసు, అది ముఖంలోనే ఉంది.

"వద్దులే మేడమ్," అంది నెమ్మదిగా. "మీరన్నా ఉండండి."

కూర్చుంది. నేను తర్వాతి స్లయిడు వేశాను.